చందా ఆపమని 14న చెబితే 18న డబ్బు ఎందుకు కట్ అయింది?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకు మంచిదంటే పోయిన ఏడాది ఒక యోగా యాప్‌లో రూపాయి కట్టి వారం రోజుల ట్రయల్ తీసుకున్నాను. నాలుగు రోజులు చేసి మానేశాను. ఫోన్‌లో చోటు లేక యాప్ కూడా తీసేశాను. రెండు నెలల కిందట బ్యాంకులో పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే, నేనెప్పుడూ వినని ఒక కంపెనీ పేరు మీద ప్రతి నెలా 18న 299 రూపాయలు పోతున్నట్టు తెలిసింది. అప్పటికే పన్నెండు సార్లు పోయింది. 14వ తేదీన చందా ఆపమని మెయిల్ పెట్టాను. 5 నుంచి 7 పని దినాలు పడుతుందన్నారు. ఈలోగా 18న మళ్లీ కట్ అయింది. తరువాత ఒకమ్మాయి ఫోన్ చేసి మూడు నెలలు సగం ధరకే ఇస్తామంది. ఆలోచించి చెబుతానన్నాను. మర్నాడు ‘మీ అభ్యర్థన పరిష్కారమైంది’ అని మెసేజ్ వచ్చింది. పోయిన 18న మళ్లీ 299. మొత్తం 4,186 రూపాయలు. మా అబ్బాయి ఆటోపేలన్నీ తీసేయమంటున్నాడు. కానీ బీమా ప్రీమియం, కరెంటు బిల్లు కూడా అందులోనే ఉన్నాయి. పక్కింటావిడ ఖాతాలో డబ్బు లేకుండా చూసుకోమంటుంది. మా వారు తప్పంతా నాదే అంటున్నారు. నిజంగా నాదేనా? వీళ్లెందుకింత తిప్పుతున్నారు? నేనేం చేయాలి?
— ఒక పాఠకురాలు, వనస్థలిపురం, హైదరాబాద్

సమాధానం: మీ వారి మాటతోనే మొదలుపెడతాను. మీ ఇంటికి దినపత్రిక చందా ఉండి, మీరు చదవడం మానేశారనుకోండి. పది రోజులు తిరిగేసరికి మడత విప్పని పేపర్లు బల్ల మీద కట్టగా పేరుకుంటాయి, ఎవరో ఒకరు ‘చదవనిదానికి ఎందుకు వేయించుకోవడం’ అని విసుక్కుంటారు, మర్నాడు పొద్దున పేపరబ్బాయితో వద్దని చెప్పేస్తారు. పాలు వద్దనుకుంటే గేటుకు తగిలించిన సంచి తీసేస్తే చాలు. ఆ చందాల్లో వాడకుండా డబ్బు కట్టడం కష్టం, ఎందుకంటే వాడని వస్తువు కళ్లెదుట పేరుకుంటుంది. యోగా యాప్‌లో పేరుకునేదేమీ లేదు. మీరు చూడని పాఠాలు ఎక్కడా కట్టలు కట్టి ఉండవు, యాప్ తీసేశాక దాని బొమ్మ కూడా ఫోన్‌లో కనిపించదు. మిగిలిందల్లా పాస్‌బుక్‌లో మీరు గుర్తుపట్టలేని ఒక పేరు. యాప్‌కు ఒక పేరు, దాన్ని నడిపే సంస్థకు రిజిస్ట్రేషన్‌లో మరో పేరు ఉండడం మామూలే, బ్యాంకు ముద్రించేది సాధారణంగా ఆ రెండో పేరే. కాబట్టి మీరు మరచిపోవడం వింత కాదు. అయితే మీ వైపు నుంచి జరిగింది ఒకటి ఉంది, దాన్ని తెలుసుకుంటేనే దారి దొరుకుతుంది.

ఆ రోజు మీరు కట్టింది రూపాయే అయినా, యూపీఐ పిన్ కొట్టి మీరు ఒప్పుకున్నది రూపాయికి కాదు. ప్రతి నెలా ఇంత మొత్తం వరకు, ఫలానా తేదీ దాకా, నన్ను మళ్లీ అడగకుండా తీసుకోవచ్చని మీ బ్యాంకుకు ఒక అనుమతి ఇచ్చారు. దీన్నే మ్యాండేట్ అంటారు, వాడుకలో ఆటోపే. పిన్ కొట్టే తెరలో రూపాయి అంకె పెద్దగా కనిపించి, గరిష్ఠ మొత్తం, గడువు తేదీ కింద చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. ఆ అనుమతి ఉండే చోటు యోగా యాప్ కాదు, మీ బ్యాంకు, యూపీఐ వ్యవస్థ. అందుకే యాప్ తీసేసినా, ఫోన్ మార్చినా అది చెక్కుచెదరదు. ఇంటి తాళం ఒకరికిచ్చి, వాళ్ల ఫోన్ నంబరు మాత్రం చెరిపేసినట్టయింది మీ పని.

ఇక కంపెనీ వైపు చూద్దాం. 2023లో అమెరికా ఆర్థికవేత్తలు కొందరు చందాల లెక్కలను తెలివైన పద్ధతిలో పరిశీలించారు. క్రెడిట్, డెబిట్ కార్డు గడువు తీరి కొత్త కార్డు వచ్చినప్పుడు, పాత కార్డుతో నడుస్తున్న చందాలకు కొత్త వివరాలు ఇవ్వాల్సి వస్తుంది. అంటే ఆ నెలలో మాత్రం మనిషి ‘ఇది నాకు కావాలా’ అని ఒక్కసారి ఆలోచించక తప్పదు. సరిగ్గా ఆ నెలల్లోనే చందాలు మానుకునేవాళ్లు ఎక్కువగా కనిపించారు. సేవ పాడైందని కాదు, గుర్తుకొచ్చిందని. వాళ్లు పరిశీలించిన పది సేవల్లో, ఈ మరపు వల్ల కంపెనీల రాబడి సేవను బట్టి 14 శాతం నుంచి 200 శాతం పైగా దాకా పెరుగుతుందని లెక్క తేలింది.

ఇది ఎలా సాధ్యమో మీ 299 రూపాయలతోనే చూపిస్తాను. ఈ కింది సంఖ్యలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ కంపెనీవీ కావు. వంద మంది రూపాయి ట్రయల్ తీసుకున్నారు. యాభై మంది వారంలోపే ఆపేశారు. మిగిలిన యాభై మందిలో ఇరవై మంది రోజూ చాప పరుస్తారు, ముప్పై మంది మీలాగే మరచిపోయారు. నెలకు వచ్చేది 14,950 రూపాయలు. అందులో చాప పరిచేవాళ్లది 5,980, మరచిపోయినవాళ్లది 8,970. పైగా ఆ ఇరవై మందికి వీడియోలు పంపాలి, గురువుకు జీతమివ్వాలి, ‘నడుం పట్టేసింది’ అని రాస్తే జవాబివ్వాలి. ఆ ముప్పై మందికి డబ్బు వసూలు చేసే ఖర్చు తప్ప మరేమీ లేదు. అంటే వాడనివాళ్లే వాళ్లకు అన్నిటికన్నా లాభసాటి ఖాతాదారులు. ‘మూడు నెలలుగా మీరు యాప్ తెరవలేదు, ఆపమంటారా’ అని ఒక్క సందేశం పంపితే ఈ 8,970లో పెద్ద భాగం పోతుంది. ఆ సందేశం పంపడం సాంకేతికంగా ఏమంత కష్టం కాదు. 2020 మేలో నెట్‌ఫ్లిక్స్ ఏడాది, రెండేళ్ల నుంచి ఏమీ చూడనివాళ్లకు అలాంటి సందేశమే పంపి, జవాబు రాకపోతే తామే రద్దు చేస్తామని ప్రకటించింది. అలాంటి ఖాతాలు తమ మొత్తంలో అర శాతం కన్నా తక్కువేనని కూడా చెప్పింది. అంత తక్కువ ఉన్నప్పుడు ఉదారంగా ఉండడం సులువు. రాబడిలో సగం అక్కడినుంచే వచ్చే కంపెనీ ఆ పని తనంతట తాను చేస్తుందనుకోవడం కష్టం.

ఇప్పుడు మీ 14వ తేదీకి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఇదే. చేరడానికి మీకు నిమిషం పట్టింది. ఆపడం కూడా యంత్రానికి అంతే పని, ఎందుకంటే మ్యాండేట్ రద్దు అన్నది కంపెనీ నుంచి వెళ్లే ఒక ఎలక్ట్రానిక్ సూచన మాత్రమే. దానికి ఏడు పని దినాలు ఎందుకు? 14 నుంచి లెక్కపెడితే ఏడు పని దినాలు 18ని దాటేస్తాయి. మీరు 14న కాక 10న రాసినా, మధ్యలో ఆదివారం వస్తుంది కాబట్టి దాదాపు దాటేస్తాయి. నెల చందాలో చాలామందికి గుర్తుకొచ్చేది డబ్బు కట్ అయ్యే రోజులకు అటూ ఇటూనే. ముందుగా గుర్తుకొచ్చినవాళ్లను ఏడు పని దినాలు ఆపగలిగితే, ఒక్కొక్కరి నుంచి ఇంకో 299 వస్తుంది. కట్ అయ్యాక గుర్తుకొచ్చినవాళ్లు ‘ఎలాగూ ఈ నెలకు కట్టేశాం కదా, నెలాఖరుకు చూద్దాం’ అనుకొని మళ్లీ మరచిపోతారు. ఆలస్యం అసమర్థత అయితే రూపాయి ట్రయల్ మొదలుకావడానికీ ఏడు రోజులు పట్టాలి. ఒకవైపే ఆలస్యం ఉందంటే అది అలా పెట్టినదే అని నేను అనుకుంటాను.

ఆ ఫోన్ సంగతి కూడా చెప్పాలి. మీకు ఫోన్ చేసిన అమ్మాయి పని సాధారణంగా రద్దు చేయడం కాదు, వెళ్లిపోయేవాళ్లను నిలబెట్టడం. ఎంతమందిని నిలబెట్టిందన్నదే ఆమె పనితీరుకు కొలత. సగం ధర కబురు అందుకే. మన ఇళ్లలో ‘ఆలోచించి చెబుతాను’ అంటే ఎదుటివారి మనసు నొప్పించకుండా వద్దనడం. పెళ్లి సంబంధం దగ్గర్నుంచి చీరల కొట్టు దాకా అందరికీ అది అర్థమవుతుంది. కానీ ఆ కాల్ సెంటర్ తెరలో మర్యాదగా వద్దనడానికి గడి లేదు. రద్దు కావాలి అని స్పష్టంగా అనకపోతే, ఖాతాదారు ఉంటున్నారు అని నమోదై ఫిర్యాదు మూసుకుపోతుంది. ‘పరిష్కారమైంది’ అన్న మెసేజ్ అర్థం అదే అయ్యుండాలి. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకోకండి. మళ్లీ ఫోన్ వస్తే మాత్రం ‘నాకు ఏ ఆఫరూ వద్దు, రద్దు చేసినట్టు మెయిల్ పంపండి’ అన్న ఒక్క వాక్యమే చెప్పండి.

ఇది చిన్న కంపెనీల చిల్లర తెలివి మాత్రమే అనుకోకండి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో అమెజాన్ మీద వేసిన దావాలో, ప్రైమ్ సభ్యత్వం రద్దు చేసుకోవాలంటే నాలుగు పేజీలు దాటి, ఆరు సార్లు నొక్కి, పదిహేను ఎంపికల మధ్య నుంచి వెళ్లాల్సి వచ్చేదని ఆరోపించింది. ఆ ప్రక్రియకు కంపెనీ లోపల పెట్టుకున్న పేరు ‘ఇలియడ్’, ఎంతకీ తెగని యుద్ధం గురించిన సుదీర్ఘ గ్రీకు కావ్యం పేరు. 2025 సెప్టెంబరులో ఆ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. అందులో 150 కోట్లు ఖాతాదారులకు తిరిగి ఇవ్వడానికి కేటాయించినవి.

మన దేశంలో మీకు రెండు అండలున్నాయి, అవి వేరు వేరు వైపుల నుంచి పనిచేస్తాయి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇలాంటి డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి, అందులో ఎవరు, ఎంత, ఎప్పుడు తీసుకుంటున్నారో ఉండాలి, ఆపుకునే వీలు కూడా ఉండాలి. రెండోది, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు. యాప్‌లు, వెబ్‌సైట్లు మనల్ని మభ్యపెట్టేలా తెరలను అమర్చడాన్నే డార్క్ ప్యాటర్న్ అంటారు. ఆ మార్గదర్శకాల్లో నిషేధించిన 13 పద్ధతుల్లో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ ఒకటి. రద్దును సాగదీసి చిక్కుగా మార్చడం, రద్దు మీటను దాచడం, ఉచిత చందా కోసం ఆటో డెబిట్ అనుమతి బలవంతంగా తీసుకోవడం అన్నీ దాని కిందికే వస్తాయి. మీ కథలో మొదటిది స్పష్టంగా ఉంది.

ఇక మీరేం చేయవచ్చు? ఆపడానికి రెండు చోట్లున్నాయి: కంపెనీ దగ్గర చందా, బ్యాంకు దగ్గర మ్యాండేట్. ఏది ముందు అన్నది తదుపరి 18 ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

పది రోజులకు పైగా ఉంటే కంపెనీకి ముందు రాయవచ్చు. దీనివల్ల లాభం, రద్దు చేశామన్న మాట రాతలో దొరుకుతుంది, ‘మీరు బాకీ’ అనే అవకాశం పోతుంది. నష్టం మీరు ఇప్పటికే చూశారు. వాళ్లు సాగదీస్తే ఇంకో 18 వస్తుంది. అందుకని మూడు రోజుల్లో జవాబు రాకపోతే ఆగవద్దు. గడువు దగ్గరపడి ఉంటే మ్యాండేట్ ముందు తీసేయండి. మీరు ఆ రోజు రూపాయి ఏ యూపీఐ యాప్‌తో కట్టారో అదే యాప్ తెరిచి, మీ ప్రొఫైల్‌లో Autopay లేదా Mandates అని ఉన్నచోట చూడండి. ఒక్కో అనుమతి విడి వరుసగా కనిపిస్తుంది. పాస్‌బుక్‌లోని పేరు, 299, 18 అన్న మూడూ కలిసే వరుసను తెరిచి Cancel లేదా Revoke నొక్కి పిన్ కొడితే సరిపోతుంది. ఆ తెరను ఫొటో తీసి ఉంచుకోండి. 18 పొద్దుటి దాకా మాత్రం ఆగకండి, అప్పటికే వసూలు మొదలై ఉండవచ్చు.

మ్యాండేట్ తీసేస్తే వచ్చే పర్యవసానం ఒకటే: డబ్బు దారి మూసుకుంటుంది కానీ, కాగితం మీద చందా ముగిసినట్టు కాదు. మీది ప్రతి నెలా ముందే కట్టే చందా కాబట్టి ఆచరణలో సేవ ఆగిపోతుంది, అంతటితో సరి. కొన్ని గుర్తుచేసే మెసేజ్‌లు రావచ్చు. అందుకే అదే రోజు కంపెనీకి కూడా ఒక మెయిల్ పెట్టండి. ఏడాదికి ఒప్పుకొని నెలనెలా వాయిదాలు కట్టే జిమ్ లాంటివైతే కథ వేరు, అక్కడ మిగిలిన వాయిదాలు అడిగే హక్కు వాళ్లకు ఉండవచ్చు, ఒప్పందం చదవకుండా తెంచకూడదు. మరొక్క సంగతి. పాస్‌బుక్‌లో ఉన్న పేరు యాప్‌లు అమ్మే స్టోర్‌దైతే మ్యాండేట్ ముట్టుకోకుండా, ఆ స్టోర్‌లోనే Subscriptions అన్నచోట రద్దు చేయాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది అలాంటిది కాదు.

మీ అబ్బాయి సలహా మాత్రం పాటించకండి. ఆటోపేలన్నీ తీసేస్తే యోగాతో పాటు బీమా ప్రీమియం కూడా ఆగుతుంది, గ్రేస్ గడువు గమనించకపోతే పాలసీయే పోతుంది. 299 కోసం ఆ ప్రమాదం ఎందుకు? పక్కింటావిడ చెప్పింది ఇంకా ఖరీదైన దారి. ఖాతా ఖాళీగా ఉంటే వసూలు విఫలమవుతుంది తప్ప అనుమతి రద్దు కాదు, వాళ్లు మళ్లీ ప్రయత్నించవచ్చు, డబ్బు పడగానే తీసుకోవచ్చు. పైగా ఆ ఖాతా నుంచే పోవాల్సిన ప్రీమియం తిరిగిపోతే బ్యాంకు జరిమానా వేసే అవకాశం ఉంది.

చివరగా పోయిన డబ్బు. 4,186 మొత్తాన్నీ ఒకే గొంతుతో అడిగితే మీ వాదన బలహీనపడుతుంది. దాన్ని రెండుగా విడదీయండి. 14న మీరు రాసిన తరువాత తీసుకున్న రెండు విడతలు, అంటే 598 రూపాయలు, మీ హక్కుగా అడగండి. వద్దన్నాక తీసుకున్నవి అవి, మీ మెయిల్ తేదీయే సాక్ష్యం. అంతకు ముందటి పన్నెండు నెలల 3,588 వేరు. అనుమతి మీదే, సందేశాలు వచ్చి ఉంటే మీ పట్టు తక్కువ. ఫోన్‌లో మెసేజ్‌ల పెట్టె తెరిచి mandate, autopay అన్న మాటలతో వెతికి చూడండి. ముందస్తు సందేశాలు నిజంగా రాలేదని తేలితే పట్టు పెరుగుతుంది. వచ్చి ఉన్నా, ‘నేను చివరిసారి మీ యాప్‌లోకి ఎప్పుడు వచ్చానో మీ రికార్డు చూసి రాయండి’ అని అడగండి. వాడకుండా ఏడాదికి పైగా వసూలు చేశామని రాతలో ఒప్పుకోవడం కన్నా కొన్ని నెలల డబ్బు వెనక్కి ఇవ్వడం నయమని వాళ్లకు అనిపించవచ్చు. ఇవ్వకపోనూ వచ్చు.

ఒక వారంలో సరైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అన్న మాటతోనే ఫిర్యాదు రాయించండి, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే e-Jagriti పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు వాటికి రుసుము లేదు, కానీ 598 కోసం మీ సమయం ఎంత ఖర్చవుతుందో చూసుకొని నిర్ణయించుకోండి. మ్యాండేట్ తీసేశాక వచ్చే 19న పాస్‌బుక్ ఒకసారి ప్రింట్ వేయించండి. మళ్లీ 299 పోయి ఉంటే అప్పుడు గొడవ కంపెనీతో కాదు, మీ బ్యాంకుతో. తెర ఫొటో జతచేసి బ్రాంచిలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు.